డాలర్లు సున్నా... రూపాయలు డెబ్బై వేలు!

ఎగుమతి వ్యాపారంలో మార్చి 31న ఒక చిత్రం జరుగుతుంది. ఆ రోజు కంటైనర్ కదలకపోవచ్చు, విదేశం నుంచి పైసా రాకపోవచ్చు. అయినా సాయంత్రానికి పుస్తకాల్లో లాభమో నష్టమో ఒకటి కొత్తగా పుడుతుంది. దాన్నే మారకపు లాభం, మారకపు నష్టం అంటాం. ఆడిట్ వాళ్ల నోట ఫారెక్స్ గెయిన్, ఫారెక్స్ లాస్.

డబ్బు చేతికి రాకుండా పుట్టే లాభం కాబట్టి దీన్ని బ్యాంకు పాస్‌బుక్‌తో సరిచూడటం కుదరదు. లెడ్జర్‌లో ఎంత రాస్తే అంతే. అందుకే చాలా చోట్ల ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. కానీ ఆ అంకె మీద పన్ను కడతారు, భాగస్వాములు వాటాలు పంచుకుంటారు. మరి అది నిజమో కాదో తేల్చేదెలా? ఈ వారం ఆ ఒక్క సంగతే చూద్దాం.

ముందు అసలు విషయం రెండు ముక్కల్లో. మీరు అమెరికా కొనుగోలుదారుకు 80,000 డాలర్ల రొయ్యలు పంపారు. ఆ రోజు డాలరు 84 రూపాయలు. పుస్తకాల్లో బాకీ 67,20,000 రూపాయలని రాశారు. కానీ ఆయన మీకు బాకీ పడింది డాలర్లు, రూపాయలు కాదు. మార్చి 31 నాటికి డాలరు 85.50 అయితే ఆ బాకీ విలువ 68,40,000. పెరిగిన 1,20,000 ఆ ఏడాది మారకపు లాభం. డబ్బు తర్వాత వచ్చినా సరే, ఏడాది చివర బాకీని ఆ రోజు రేటుకు మార్చి చూపాలనే అకౌంటింగ్ స్టాండర్డ్ 11 చెబుతుంది. ఆదాయపు పన్ను లెక్కకు వర్తించే ఐసీడీఎస్-6 కూడా ఇలాంటి బాకీల విషయంలో ఇదే దారి.

ఇక కేసులోకి వద్దాం. భీమవరం వైపు రొయ్యలు ఎగుమతి చేసే చిన్న సంస్థ. బావ, బావమరిది ఇద్దరూ సగం సగం భాగస్వాములు. ఆ ఏడాది లెడ్జర్‌లో మారకపు లాభం 3,09,030 రూపాయలని తేలింది. బావగారికి నచ్చలేదు. “డబ్బు రాకుండానే లాభమంటారు, దానికి పన్ను కూడా కట్టమంటారు. ఇదెక్కడి న్యాయమండీ?” అన్నారు. బావమరిది మాత్రం తన వాటా అప్పుడే తీసుకుందామని చూస్తున్నారు. మధ్యలో అకౌంట్స్ రాసే కుర్రాడు బిక్కుబిక్కుమంటూ ఉన్నాడు. “అంకె ఎలా వచ్చిందో చూపించు” అంటే ఎంట్రీలు చూపిస్తున్నాడే గానీ, ఆ అంకె ఎందుకు సరైనదో చెప్పలేకపోతున్నాడు.

ఆ సంస్థ లెక్కను ఇక్కడ అర్థమయ్యేలా నాలుగు బిల్లులకు కుదించాను, రేట్లు కూడా గుండ్రం చేశాను.

పాత ఏడాది ఫిబ్రవరిలో వేసిన బిల్లు ఒకటి, 70,000 డాలర్లు, రేటు 82. ఆ మార్చి 31న రేటు 83. మే నెలలో 83.20 చొప్పున మొత్తం డబ్బు వచ్చింది.

సెప్టెంబరు బిల్లు 60,000 డాలర్లు, రేటు 83.50. నవంబరులో డబ్బు వచ్చింది, ఆ రోజు రేటు 84.50.

జనవరి బిల్లు 80,000 డాలర్లు, రేటు 84. ఫిబ్రవరి బిల్లు 50,000 డాలర్లు, రేటు 85. ఈ రెండింటికీ డబ్బు ఇంకా రాలేదు.

ఇవి కాక మార్చి 20న ఇంకో కొనుగోలుదారు ఏప్రిల్‌లో పంపే సరుకు కోసం 40,000 డాలర్ల అడ్వాన్సు పంపాడు, రేటు 86. మార్చి 31 ముగింపు రేటు 85.50.

ఇలాంటప్పుడు అందరూ చేసే పని మారకపు లాభం లెడ్జర్ తెరిచి ఒక్కో ఎంట్రీ చూడటం. దాంతో ఉన్న ఎంట్రీలు కనబడతాయి గానీ, ఉండాల్సింది ఎంతో తెలియదు. నేను ఆ లెడ్జర్‌ను చివరికి గానీ తెరవను. ముందు డాలర్లు లెక్కపెడతాను. రూపాయలు రేటుతో పాటు మారతాయి, డాలర్లు మారవు. అందుకే అబద్ధం ఆడటానికి డాలర్ల దగ్గర చోటు తక్కువ.

ఏడాది మొదట్లో రావలసినవి 70,000 డాలర్లు. ఏడాదిలో వేసిన బిల్లులు 1,90,000. బ్యాంకులో జమైనవి 1,29,970. అంటే మిగలాల్సింది 1,30,030 డాలర్లు. పార్టీ లెడ్జర్‌లోనూ అంతే ఉంది. బాగుందనుకుని ఆగిపోకూడదు. డబ్బు రాని బిల్లులు విడిగా కూడి చూడాలి. జనవరిది 80,000, ఫిబ్రవరిది 50,000, మొత్తం 1,30,000. మరి ఆ 30 డాలర్లు ఎవరివి?

సెప్టెంబరు బిల్లువి. కొనుగోలుదారు 60,000 పంపాడు. దారిలో విదేశీ బ్యాంకు తన ఛార్జీ 30 డాలర్లు కోసుకుని 59,970 పంపింది. మన బ్యాంకు ఇచ్చిన అడ్వైస్‌లో ఆ ముక్క రాసే ఉంది. కుర్రాడు వచ్చిన డాలర్లనే రాసి, మిగతా 30ని బాకీగా వదిలేశాడు. ఎన్నటికీ రాని ఆ 30 డాలర్లకు ముగింపు రేటు కట్టి 60 రూపాయల లాభం కూడా రాశాడు! సొమ్ము చిన్నదే. కానీ నెలకు పది బిల్లులుండే చోట ఇవి చీమల బారులా పేరుకుపోతాయి.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. ఆ 30 డాలర్లు మారకపు నష్టం కాదు, బ్యాంకు ఖర్చు. రేటు మారడం వల్ల పోయింది మాత్రమే మారకపు నష్టం. సరైన లెక్క ఏమిటంటే, 60,000 డాలర్లూ వచ్చినట్టే, ఒక్కో డాలరుకు రూపాయి చొప్పున 60,000 రూపాయల లాభం, దాంట్లోంచి బ్యాంకు ఖర్చు 30 డాలర్లు 84.50 చొప్పున 2,535 రూపాయలు. తక్కువ వచ్చిన మొత్తం పదిహేనో, ముప్పయ్యో గాక వందల్లో వేలల్లో ఉంటే అది ఛార్జీ కాకపోవచ్చు. సరుకు నాణ్యత బాగాలేదని కొనుగోలుదారు కోసుకున్న సొమ్ము కావచ్చు. దానికి క్రెడిట్ నోటు కావాలి, లెక్క వేరు.

డాలర్లకు బయటి సాక్ష్యం కూడా ఉంది. ఏ షిప్పింగ్ బిల్లుకు డబ్బు రాలేదో బ్యాంకు దగ్గర రిజర్వు బ్యాంకు వారి ఈడీపీఎంఎస్ వ్యవస్థలో కనబడుతుంది. ఆ జాబితా అడిగి మన బిల్లులతో పక్కపక్కన పెట్టుకుంటే, మనం రాసుకున్నదాన్ని మనమే చూసుకుని మురిసిపోయే ప్రమాదం తప్పుతుంది.

డాలర్లు తేలాయి కాబట్టి ఇప్పుడు రూపాయలు. మొత్తం పరీక్షలో ఇదే గుండెకాయ. ఏడాది చివర ఎంట్రీలన్నీ వేశాక, పార్టీ లెడ్జర్‌లో మిగిలిన డాలర్లను ముగింపు రేటుతో గుణిస్తే, ఆ లెడ్జర్‌లోని రూపాయల నిల్వ రావాలి. రూపాయి ఎక్కువ ఉండకూడదు, తక్కువా ఉండకూడదు.

గుణించి చూశాం. 1,30,000 డాలర్లు, 85.50 చొప్పున 1,11,15,000 రూపాయలు. ఆ 30 డాలర్ల సంగతి సరిచేశాక లెడ్జర్‌లో ఉన్నది 1,11,85,000. తేడా సరిగ్గా డెబ్బై వేలు.

గుండ్రటి తేడా దొరికిందంటే సగం పని అయినట్టే. రేటు పొరపాటైతే పైసలతో సహా అడ్డదిడ్డంగా వస్తుంది. డెబ్బై వేలంటే 70,000 డాలర్ల బిల్లు, ఒక్కో డాలరుకు ఒక్కో రూపాయి. పాత ఏడాది బిల్లు విడిగా తీసి చూస్తే అక్కడ డాలర్లు సున్నా, రూపాయలు 70,000. డాలరు లేని చోట రూపాయి ఎలా ఉంటుంది? కొనుగోలుదారు మొత్తం కట్టేశాడు, ఆయన మనకు ఒక్క సెంటు కూడా బాకీ లేడు. మన పుస్తకాల్లో మాత్రం డెబ్బై వేలు బాకీ ఉన్నట్టు నిలబడి ఉంది.

ఏం జరిగిందంటే, ఆ బిల్లు వేసినప్పుడు రేటు 82. పోయిన మార్చి 31న 83కి మార్చి, 70,000 రూపాయల లాభం పోయిన ఏడాదే రాశారు. దాని మీద పన్నూ కట్టారు. అంటే ఈ ఏడాది మొదలయ్యేసరికి ఆ బాకీ విలువ 58,10,000. మేలో 83.20 చొప్పున వచ్చింది 58,24,000. ఈ ఏడాది లాభం 14,000 మాత్రమే. కుర్రాడు మాత్రం ఇన్వాయిస్ తీసి, దాని మీదున్న 82 రేటు చూసి, 83.20లోంచి 82 తీసేసి, 84,000 లాభమని జర్నల్ ఎంట్రీ వేశాడు. అలా పోయిన ఏడాది లాభం ఈ ఏడాది మళ్లీ లాభమైంది.

“ఇన్వాయిస్ మీద రేటే కదండీ అసలు రేటు?” అన్నాడు పాపం. మార్చి 31 దాటే వరకూ అదే అసలు రేటు. దాటాక ఆ బాకీకి కొత్త రేటు వచ్చేసినట్టే. పాత రేటుకు మళ్లీ వెళ్లాలంటే ఏప్రిల్ 1న ముగింపు ఎంట్రీని తిప్పేసి ఉండాలి.

రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి, రెండూ సరైనవే. మన జనవరి బిల్లునే చూడండి. ఏప్రిల్‌లో 85.20 చొప్పున డబ్బు వచ్చిందనుకుందాం. ముగింపు ఎంట్రీని అలాగే ఉంచే పద్ధతిలో 85.50 నుంచి 85.20కి పడింది కాబట్టి 80,000 డాలర్ల మీద 24,000 నష్టం. తిప్పేసే పద్ధతిలో ఏప్రిల్ 1న 1,20,000 నష్టం రాసి, డబ్బు వచ్చినప్పుడు 84 నుంచి 85.20కి పెరిగినందుకు 96,000 లాభం రాస్తారు. కలిపితే మళ్లీ 24,000 నష్టమే. ఏ దారిన పోయినా ఒకే ఊరు. చిక్కల్లా ఎంట్రీని తిప్పకుండా, లాభాన్ని పాత రేటు నుంచి లెక్కగట్టడంలోనే. ఈ సంస్థలో ముందు పనిచేసిన గుమాస్తాగారు ఏటా ఏప్రిల్ 1న తిప్పేసేవారు. ఆయన వెళ్లిపోయాక తిప్పడం ఆగింది, పాత రేటు నుంచి లెక్కగట్టడం మాత్రం సాగింది. ఏ పద్ధతో ఎక్కడా రాసిపెట్టలేదు. తప్పు పుట్టింది అక్కడ.

మూడోది అడ్వాన్సు. మార్చి 20న వచ్చిన 40,000 డాలర్లను 86 చొప్పున 34,40,000గా రాశారు. మార్చి 31న దాన్ని కూడా 85.50కి మార్చి, మనం ఇవ్వాల్సింది తగ్గిందని 20,000 లాభం రాశారు. కానీ మనం ఆ కొనుగోలుదారుకు ఇవ్వాల్సింది డాలర్లు కాదు, రొయ్యలు! డబ్బు వచ్చేసింది, రూపాయల్లోకి మారి బ్యాంకులో పడిపోయింది. ఇక రేటు పెరిగినా తగ్గినా దానికి సంబంధం లేదు. డబ్బు రూపంలో తీరేవాటినే ముగింపు రేటుకు మార్చాలి, సరుకు రూపంలో తీరేవాటిని వచ్చిన నాటి రేటులోనే ఉంచాలి. ఆర్డరు రద్దై ఆ డాలర్లు తిరిగి పంపాల్సి వస్తే మాత్రం అది డబ్బు బాకీగా మారుతుంది, అప్పుడు రేటు మార్చాలి. ఇక్కడ ఆర్డరు నిలిచే ఉంది కాబట్టి 20,000 లాభం తీసేశాం.

ఇప్పుడు మారకపు లాభం లెడ్జర్ తెరిచాం. 3,09,030లోంచి ఛార్జీ దగ్గర తేడా 30, పాత బిల్లువి 70,000, అడ్వాన్సువి 20,000 తీసేస్తే 2,19,000 మిగిలింది. దీన్ని ఇంకో వైపు నుంచి కట్టి చూశాం. పాత బిల్లు మీద 14,000, సెప్టెంబరు బిల్లు మీద 60,000, రావలసిన రెండు బిల్లుల మీద 1,20,000, 25,000. మొత్తం 2,19,000. రెండు దారులూ ఒక చోట కలిశాయి. లెడ్జర్‌లో అంకె నిజమని నేను నమ్మేది ఇలా కలిసినప్పుడే.

మరో మాట. ఈ 2,19,000లో 74,000 చేతికొచ్చిన లాభం, 1,45,000 ఇంకా రానిది. రెండింటినీ ఒకే లెడ్జర్‌లో కలిపేయకుండా విడివిడిగా పెట్టుకోమని చెప్పాను. పంచుకునేటప్పుడు బావమరిదిగారు చూడాల్సింది మొదటి అంకె. రెండోది రేటు పడితే రేపు వెనక్కి పోయేది.

బ్యాంకు ఖర్చు 2,535 కూడా చేర్చాక సంస్థ లాభం మొత్తం 92,565 తగ్గింది. భాగస్వామ్య సంస్థకు 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. అంటే కట్టనక్కరలేని 28,880 రూపాయల పన్ను కట్టబోయారన్నమాట. బావగారి అనుమానం పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. రాని డబ్బు మీద లాభం చూపాల్సిందే, కానీ ఒకసారి చూపిన లాభాన్ని రెండోసారి చూపకూడదు.

రేటు గురించి కూడా చెప్పాలి, చాలామంది అడుగుతుంటారు కాబట్టి. ముగింపు రేటుకు ఎక్కువమంది ఎఫ్‌బీఐఎల్ రిఫరెన్స్ రేటు తీసుకుంటారు. 2018 జులై వరకు రిజర్వు బ్యాంకు ప్రకటించేది, తర్వాత ఆ పని ఎఫ్‌బీఐఎల్‌కు వెళ్లింది. మార్చి 31 సెలవైతే ముందు పనిదినం రేటు తీసుకుని, ఆ ముక్క కాగితం మీద రాసిపెట్టాలి. కస్టమ్స్ వారు ప్రకటించే రేటు మాత్రం ఇక్కడ పనికిరాదు. అది షిప్పింగ్ బిల్లుకు, జీఎస్టీ విలువకు. పుస్తకాల్లో ఇన్వాయిస్‌ను కూడా ఆ రేటుకే రాసేస్తే అమ్మకం ఒక వైపు తగ్గి, మారకపు లాభం మరో వైపు పెరిగి కూర్చుంటుంది. మొత్తం లాభం మారదు గనుక ఎవరికీ కనబడదు.

ట్యాలీ వాడేవారికి బ్యాలెన్స్ షీట్‌లో `Unadjusted Forex Gain/Loss` అనే వరుస కనబడుతుంటుంది. ఆ తేడా ఇంకా ఏ లెడ్జర్‌లోకీ పోలేదని దాని అర్థం. జర్నల్ ఎంట్రీతో సర్దాలి. అయితే ట్యాలీ మీరిచ్చిన రేటుతోనే లెక్కగడుతుంది. మార్చి 31 రేటు ఎక్కించకుండా ఆ వరుసను నమ్మి ఎంట్రీ వేస్తే పాత రేటుకే తప్పు లెక్క పడుతుంది. పైగా అడ్వాన్సు ఏదో, బాకీ ఏదో దానికి మీరు చెబితే తప్ప తెలియదు.

ఇదంతా ఫార్వర్డ్ కాంట్రాక్టు లేని మామూలు బాకీల సంగతి. బ్యాంకుతో ముందే రేటు ఖరారు చేసుకున్న డాలర్లకు లెక్క వేరు, వాటిని ఈ పట్టీలో కలపకండి. అలాగే ముగింపు రేటు కట్టినంత మాత్రాన బాకీ వసూలవుతుందని కాదు. రెండేళ్లుగా పలకని కొనుగోలుదారు బాకీ మీద మారకపు లాభం రాసుకుంటూ పోవడం నీళ్లు లేని చెరువులో రొయ్య పిల్లలు వదలడం లాంటిది. అక్కడ ముందు చూడాల్సింది రేటు కాదు, ఆ బాకీ వస్తుందా రాదా అన్నది.

ఆ కుర్రాడు ఇప్పుడు ప్రతి నెలాఖరునా ఒకే పేజీ తీస్తున్నాడు. బిల్లు నంబరు, మిగిలిన డాలర్లు, పుస్తకంలో రూపాయలు, ముగింపు రేటు విలువ, తేడా. అయిదు గళ్లు. అడుగున మొత్తం డాలర్లు, మొత్తం రూపాయలు లెడ్జర్‌తో కలవాలి. పేజీ పైన ఎర్ర సిరాతో ఒక వాక్యం: “ముగింపు ఎంట్రీ తిప్పము. డబ్బు వచ్చినప్పుడు పోయిన మార్చి 31 రేటు నుంచే లెక్క.” రేపు అతను ఉద్యోగం మారినా, తర్వాత వచ్చేవారు ఆ వాక్యం చదువుకుంటే చాలు.